దాత ఇంటికి వెళ్లే ఉత్తరం: కవరు అంటించకూడదు, ఇంటిపేరు రాయకూడదు

అమెరికాలో కిడ్నీయో గుండెయో మార్పిడి చేయించుకున్న మనిషి, చనిపోయిన దాత కుటుంబానికి ఉత్తరం రాస్తే ఆ కవరును అంటించకుండా ఇవ్వమంటారు. దానితోపాటు విడిగా ఒక చీటీ పెట్టాలి. చీటీ మీద రాసినవాళ్ల పూర్తి పేరు, ఆపరేషన్ జరిగిన తేదీ, ఆస్పత్రి పేరు ఉంటాయి. ఉత్తరంలో మాత్రం ఇంటిపేరు, ఊరు, ఆస్పత్రి, డాక్టర్ పేరు ఏవీ కనపడకూడదు. చీటీ మధ్యలో ఉండే ఉద్యోగుల కోసం. అది దాత ఇంటి దాకా వెళ్లదు. ఉత్తరం వెళ్తుంది, అదీ ఇద్దరు ముగ్గురు చదివాక.

ఇంత కట్టుదిట్టం చూస్తే జైలు నుంచి వచ్చే ఉత్తరం గుర్తొస్తుంది. థ్యాంక్స్ చెప్పడానికి సెన్సార్ ఎందుకని చాలామంది గ్రహీతలు మొదట్లో చిరాకు పడతారు. కానీ ఆ నిబంధనల్లో దాదాపు ప్రతిదానికీ వెనక ఏదో ఒక ఇంట్లో జరిగిన ఇబ్బంది ఉంది. అవేమిటో తెలిస్తే ఉత్తరంలో ఏం రాయాలో కూడా తేలికవుతుంది.

ముందు దారి చూద్దాం. గ్రహీత తన ఉత్తరాన్ని ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలోని సోషల్ వర్కర్‌కో కోఆర్డినేటర్‌కో ఇస్తాడు. వాళ్లు ఒకసారి చదివి, దాత అవయవాలు సేకరించిన సంస్థకు పంపుతారు. అమెరికాలో ఇలాంటి సంస్థలు యాభైకి పైగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ప్రాంతం. గ్రహీత ఒక రాష్ట్రంలో, దాత ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు కాబట్టి ఉత్తరం చాలా దూరమే తిరుగుతుంది. ఆ సంస్థలో దాతల కుటుంబాలతో మాట్లాడటానికే ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. వాళ్లు మళ్లీ చదివి, కుటుంబానికి కబురు పెడతారు: "మీకో ఉత్తరం వచ్చింది. ఇప్పుడు పంపమంటారా, కొన్నాళ్లు మా దగ్గరే ఉంచమంటారా, అసలు వద్దా?" ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఏ కబురూ లేకుండా, మామూలు మంగళవారం పొద్దున కరెంటు బిల్లుతోపాటు ఆ కవరు కూడా పోస్టు డబ్బాలో కనపడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొందరు తెప్పించుకుని బీరువాలో పెట్టి, ఏడాది తర్వాత తెరుస్తారు.

ఉత్తరం రాకముందే కుటుంబానికి కొంత తెలుస్తుంది. అవయవదానం జరిగిన కొన్ని వారాలకు సంస్థ నుంచి ఒక లేఖ వస్తుంది. ఒక కిడ్నీ యాభైల్లో ఉన్న ఇద్దరు పిల్లల తండ్రికి, లివర్ ఫలానా వయసు మహిళకు, ఇలా ముక్తసరిగా ఉంటుంది. కుటుంబం ఆ నాలుగు వాక్యాలను పట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తుంది. రెండు కిడ్నీలు ఇద్దరికి వెళ్లి, ఒకరి నుంచే ఉత్తరం వస్తే, రెండోవాళ్లు బతికే ఉన్నారా అన్న బెంగ మొదలవుతుంది. ఉత్తరం రాయనివాళ్లకు ఈ సంగతి సాధారణంగా తెలియదు. తాము రాయకపోతే తమ వరకే అనుకుంటారు.

ఇక ఉత్తరం విషయానికి వద్దాం. ఒక ఉదాహరణ తీసుకుంటే తేలిక. ఇది కల్పించుకున్నదే కానీ, ఇందులోని తప్పులు మామూలుగా అందరూ చేసేవే. న్యూజెర్సీలో ఉండే నలభై ఆరేళ్ల తెలుగాయన. మూడున్నరేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. చనిపోయిన దాత కిడ్నీ దొరికింది. ఆరు నెలల తర్వాత కూర్చుని మొదటి ప్రతి రాశాడు. అది ఇలా ఉంది:

"పూజ్యులైన తల్లిదండ్రులకు నమస్కారం. నా పేరు, ఇంటిపేరుతో సహా ఇదీ. ఎడిసన్‌లో ఉంటాను. ఫలానా కంపెనీలో పని. దేవుడే మీ బిడ్డ రూపంలో వచ్చి నన్ను కాపాడాడు. మీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నా మీ రుణం తీరదు. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిన రాత్రి మా ఇంట్లో పండగే. మీ అబ్బాయి చనిపోలేదు, నాలో బతికే ఉన్నాడు. ఆ కిడ్నీని నా ప్రాణం ఉన్నంతవరకు కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాను. మీకు ఏ అవసరం వచ్చినా, డబ్బు సాయమైనా సరే, మొహమాటపడకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి."

మనసులోంచి వచ్చిన ఉత్తరమే. అయినా దీన్ని కోఆర్డినేటర్ యథాతథంగా పంపరు. ఇంటిపేరు, ఊరు, కంపెనీ, ఫోన్ నంబరు కొట్టేస్తారు. ఆ కారణం సులువుగానే అర్థమవుతుంది. మిగతావే ఆలోచించాల్సినవి.

"తల్లిదండ్రులకు" అన్న మొదటి మాటతోనే చిక్కు. దాత వయసెంతో, ఆడో మగో కూడా గ్రహీతకు తెలియకపోవచ్చు. చదివేది భార్య కావచ్చు, పద్దెనిమిదేళ్ల కూతురు కావచ్చు, అన్నదమ్ముల్లో ఒకరు కావచ్చు. తల్లిదండ్రులు ఎప్పుడో పోయి ఉండొచ్చు. "మీ అబ్బాయి" అని రాస్తే, పోయింది అమ్మాయి అయితే ఆ ఉత్తరం తమది కాదేమో అనిపిస్తుంది. అందుకే "దాత కుటుంబానికి", "మీ ఆత్మీయులు" అని రాయమంటారు. చప్పగా ఉన్నా అది ఎవరినీ గుచ్చుకోదు.

దేవుడి మాట దగ్గర జాగ్రత్త పడమని అమెరికా సంస్థలు ప్రత్యేకంగా చెబుతాయి. అవతలివాళ్ల మతం ఏమిటో, అసలు నమ్మకం ఉందో లేదో తెలియదు కదా. ఇంకో కోణం కూడా ఉంది. దేవుడు నన్ను కాపాడాడు అని గ్రహీత రాస్తే, మరి మా వాణ్ని ఎందుకు కాపాడలేదన్న ప్రశ్న చదివేవాళ్ల ఇంట్లో లేస్తుంది. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

రుణం సంగతి తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. మన భాషలో కృతజ్ఞత అంతా అప్పు చుట్టూనే తిరుగుతుంది. రుణపడి ఉంటాం, రుణం తీర్చుకోలేం, ఏ జన్మ రుణమో అంటాం. తెలుగులో వింటే ఇవి ఆప్యాయంగానే ఉంటాయి. ఇంగ్లిష్‌లోకి మారగానే బ్యాంకు వాసన వస్తుంది. కాళ్లు కడిగిన నీళ్ల మాటైతే చదివినవాళ్లకు అర్థమే కాదు. అనువాదం ఒక్కటే సమస్య అయితే దిద్దుకోవచ్చు. అసలు ఇబ్బంది ఆ భావంలోనే ఉంది. రెనీ ఫాక్స్, జుడిత్ స్వేజీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1970ల్లోనే ఈ సంగతి గమనించి, దీన్ని కానుక చేసే దౌర్జన్యం అన్నారు. తిరిగి ఇవ్వలేనంత పెద్దది తీసుకున్నవాడు ఇచ్చినవాడికి కట్టుబడిపోతాడు. ఇచ్చినవాళ్లకు కూడా తీసుకున్నవాడి మీద, వాడి బతుకు మీద ఒక హక్కు ఉన్నట్టు అనిపించవచ్చు. అప్పు అన్న మాట ఎక్కువైన కొద్దీ ఈ రెండూ పెరుగుతాయి.

డబ్బు సాయం మాట వస్తే ఉత్తరం అక్కడే ఆగిపోతుంది. అవయవానికి ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడం అమెరికాలో 1984 చట్టం నుంచీ నేరం. మన దేశంలో కూడా 1994 నాటి చట్టాన్ని 2011లో సవరించాక, అవయవ వ్యాపారానికి ఐదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. తెలుగాయన ఉద్దేశం వ్యాపారం కాదు, నిజమే. కానీ బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో చదివితే అది ధర అడిగినట్టే వినపడుతుంది.

"ఫోన్ వచ్చిన రాత్రి మా ఇంట్లో పండగే" అన్న వాక్యాన్ని బహుశా ఏ కోఆర్డినేటరూ నిబంధన ప్రకారం కొట్టేయరు. అందులో పేరూ లేదు, ఊరూ లేదు. అయినా మొత్తం ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునేది అదే. ఆ రాత్రి అవతలి ఇంట్లో ఏం జరుగుతోందో తలుచుకుంటే చాలు. ఐసీయూ బయట కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. రెండిళ్లకూ అది ఒకే తేదీ. గ్రహీతలు ఆ రోజును రెండో పుట్టినరోజుగా చేసుకుంటారు. దాత ఇంట్లో అది సంవత్సరీకం రోజుకు అటూ ఇటూ వస్తుంది. అందుకే మొదటి వార్షికోత్సవానికి రాద్దామని ఆగేవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి. మధ్యలో ఉన్న సంస్థకు తేదీ తెలుసు కాబట్టి, ఇప్పుడు పంపాలా రెండు వారాలు ఆగాలా అని వాళ్లను అడగడం మంచిది. ఆ రోజునే ఉత్తరం రావాలని కోరుకునే కుటుంబాలు కూడా ఉంటాయి.

"మీ అబ్బాయి చనిపోలేదు, నాలో బతికే ఉన్నాడు" అన్న మాట సినిమాల్లో బాగా పండుతుంది. కొన్ని కుటుంబాలకు నిజంగానే అది పెద్ద ఊరట. వాళ్లే ఆ మాట అంటారు. వాళ్లు అనడం వేరు, గ్రహీత ముందుగా అనడం వేరు. బ్రెయిన్ డెత్ విషయంలో గుండె కొట్టుకుంటుండగానే, ఒళ్లు వెచ్చగా ఉండగానే, మనిషి పోయాడని కుటుంబం నమ్మాల్సి వస్తుంది. అది ఒప్పుకోవడానికి వాళ్లకు ఎంత కష్టమైందో బయటివాళ్లకు తెలియదు. అలా ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లకు ఇప్పుడు ఇంకెవరో వచ్చి చనిపోలేదు అంటే, మానుతున్న పుండును గోకినట్టే.

చివరిది, ప్రాణం ఉన్నంతవరకు చూసుకుంటానన్న మాట. ఇది గ్రహీత చేతిలో లేని వాగ్దానం. చనిపోయిన దాత నుంచి వచ్చిన కిడ్నీ సగటున పది పన్నెండేళ్లు పనిచేస్తుంది. కొందరికి ఇరవై ఏళ్లు, కొందరికి రెండేళ్లు. మందులు ఒక్క పూట కూడా తప్పకపోయినా శరీరం దాన్ని తిప్పికొట్టవచ్చు. అప్పుడు ఆ మనిషి కిడ్నీ పోయినందుకే కాకుండా మాట తప్పినందుకు కూడా కుమిలిపోతాడు.

ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? మిగలాల్సిందే మిగులుతుంది. దాతల కుటుంబాలు ఎక్కువగా తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: ఆ అవయవం వెళ్లిన చోట ఏం మారింది? పొగడ్తలు ఎంత ఉన్నా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. చిన్న చిన్న సంగతులు కావాలి. డయాలసిస్ రోగికి నీళ్లు కూడా లెక్కే. చాలామందికి రోజుకు లీటరుకు కాస్త అటూ ఇటూగా, పప్పులో పులుసులో ఉన్న నీళ్లతో కలిపి. పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్లు, అరటిపండు, మామిడిపండు వద్దంటారు. కిడ్నీ మార్చిన తర్వాత నర్సు వచ్చి, బాగా నీళ్లు తాగమని పోరుతుంది. ఇలాంటి సంగతులతో మన తెలుగాయన రెండో ప్రతి రాస్తే ఇలా ఉండొచ్చు:

"దాత కుటుంబానికి. మీకు ఎంత కష్టం వచ్చిందో నాకు తెలియదు. తెలుసునని అనలేను. ఆరు నెలల కిందట మీరు తీసుకున్న నిర్ణయం వల్ల నాకు ఒక కిడ్నీ వచ్చింది. అంతకుముందు మూడున్నరేళ్లు వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు డయాలసిస్ మెషిన్ పక్కన కూర్చునేవాణ్ని. దాహం వేస్తే ఐస్ ముక్క చప్పరించేవాణ్ని. ఆపరేషన్ అయిన మూడో రోజు నర్సు పెద్ద గ్లాసుతో నీళ్లిచ్చి మొత్తం తాగమంది. ఆ గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. ఎండాకాలంలో మా అమ్మాయితో కలిసి మామిడిపండు తిన్నాను. తనకు పదకొండేళ్లు. నేను మామిడిపండు తినడం తనకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. శనివారాలు తన ఈతకు నేనే తీసుకెళ్తున్నాను. ఇదివరకు శనివారం డయాలసిస్ రోజు. మీ ఆత్మీయుల గురించి నాకు ఏమీ తెలియదు. మీకు చెప్పాలనిపిస్తే వినాలని ఉంది. అనిపించకపోతే జవాబు రాయనక్కర్లేదు. మీకు కృతజ్ఞతలు."

దీనిలో కొట్టేయాల్సిందేమీ లేదు. కష్టం తెలుసునని నటించలేదు. పండగ లేదు, అప్పు లేదు, వాగ్దానం లేదు. గ్లాసుడు నీళ్లు ఉన్నాయి. జవాబు గురించి రాసిన ఆఖరి మాటలు కూడా అవసరమే. అవి లేకపోతే, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

ఇంత తెలిసినా చాలామంది గ్రహీతలు ఎప్పటికీ రాయరు. బయటినుంచి చూసేవాళ్లు కృతజ్ఞత లేదంటారు కానీ, ఎక్కువసార్లు కారణం దానికి తలకిందులుగా ఉంటుంది. ఇంకొకరు పోయారు కాబట్టి నేనున్నాను అన్న అపరాధ భావం పెన్ను పట్టనివ్వదు. తెలిసీ తెలియక ఒక మాట రాసి వాళ్లను ఇంకా బాధపెడతానేమో అన్న భయం ఒకటి. ఎంత రాసినా చాలదన్న భావన ఇంకొకటి. శరీరానికి సంబంధించిన కారణాలు కూడా ఉన్నాయి, వాటి గురించి తక్కువమంది మాట్లాడతారు. మొదటి నెలల్లో స్టెరాయిడ్ డోసు ఎక్కువగా ఉంటుంది. నిద్ర పట్టదు, మూడ్ నిలకడగా ఉండదు, ఊరికే ఏడుపొస్తుంది. అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ వల్ల చాలామందికి చేతులు వణుకుతాయి. అక్షరం కుదురుగా రాదు. ఇలాంటప్పుడు రాసిన ఉత్తరం మొదటి ప్రతిలాగే పొంగిపొర్లుతుంది. కొన్ని నెలలు ఆగమని కోఆర్డినేటర్లు చెప్పడానికి ఇదీ ఒక కారణం. అయితే ఆరు నెలలు రెండేళ్లవుతాయి. రెండేళ్లయ్యాక, ఇంత ఆలస్యంగా రాస్తే ఏమనుకుంటారో అన్న సిగ్గు తోడవుతుంది. ఉత్తరానికి గడువేమీ లేదు. పదేళ్ల తర్వాత రాసినా సంస్థలు తీసుకుంటాయి. అప్పటికి కుటుంబం ఇల్లు మారి, చిరునామా దొరక్కపోవచ్చు. ఆలస్యంతో వచ్చే అసలు నష్టం అదే.

అటువైపు నుంచి మౌనం కూడా మామూలే. జవాబు రాలేదంటే ఉత్తరం నచ్చలేదని కాదు. చదివి, మళ్లీ చదివి, దాచుకుని, ఒక్క అక్షరం రాయలేకపోయినవాళ్లు ఉంటారు. ఒక ఇంట్లోనే తల్లికి కావాలి, తండ్రికి వద్దు అన్న పరిస్థితి ఉంటుంది. కొన్నిసార్లు కుటుంబమే ముందు రాస్తుంది. అదీ ఇదే దారిలో, అంటించని కవరులో, ఇంటిపేరు లేకుండా వెళ్తుంది. రెండువైపులా ఉత్తరాలు నడిచి, ఇద్దరూ సమ్మతి పత్రం మీద సంతకం పెడితే అప్పుడు పేర్లు ఇస్తారు. కలవొచ్చు కూడా.

ఇలా కలవనివ్వాలా వద్దా అన్నదాని మీద దేశాలు ఒక్క మాట మీద లేవు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఇటలీలో జరిగింది చూడాలి. 1994 సెప్టెంబర్ 29 రాత్రి, దక్షిణ ఇటలీ హైవే మీద ఒక అమెరికన్ కుటుంబం కారులో వెళ్తోంది. దొంగలు ఆ కారును వేరే కారు అనుకుని కాల్పులు జరిపారు. వెనక సీట్లో నిద్రపోతున్న ఏడేళ్ల నికోలస్ గ్రీన్ తలకు బుల్లెట్ తగిలింది. మెస్సీనా ఆస్పత్రిలో రెండు రోజులకు చనిపోయాడు. తల్లిదండ్రులు అవయవాలు దానం చేశారు. ఏడుగురు ఇటాలియన్లకు వెళ్లాయి. వార్త ప్రపంచమంతా తెలిసిపోయింది కాబట్టి దాచడానికేమీ లేదు. కొన్ని నెలలకు తల్లిదండ్రులు ఆ గ్రహీతలను కలిశారు. లివర్ అందిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి అప్పటికి కోమాలో, చావుకు దగ్గరగా ఉంది. కోలుకుని, పెళ్లి చేసుకుని, కొడుక్కి నికోలస్ అని పేరు పెట్టుకుంది. గుండె అందిన పదిహేనేళ్ల కుర్రాడు 2017 వరకు బతికాడు. తర్వాతి పదేళ్లలో ఇటలీలో అవయవదానాలు సుమారు మూడింతలయ్యాయి. అక్కడ దాన్ని నికోలస్ ప్రభావం అనే పిలుస్తారు.

విచిత్రం ఏమిటంటే, అదే ఇటలీ 1999లో తెచ్చిన 91వ నంబరు చట్టం దాత ఎవరో గ్రహీతకు, గ్రహీత ఎవరో దాత కుటుంబానికి తెలియకూడదని చెప్పింది. అంటే నికోలస్ తల్లిదండ్రులకు దొరికిన ఊరట తర్వాతివాళ్లకు దొరక్కుండా పోయింది. తండ్రి రెజ్ గ్రీన్ ఎనభై ఏళ్లు దాటిన వయసులో దీని మీద ప్రచారానికి దిగాడు. ఇద్దరికీ ఇష్టమైతే ఆపడానికి ప్రభుత్వమెవరని అడిగాడు. 2018లో ఇటలీ జాతీయ బయోఎథిక్స్ కమిటీ ఆయన వైపు మొగ్గింది. కొంతకాలం గడిచాక, రెండువైపులా రాతపూర్వకంగా ఒప్పుకుంటే, మధ్యలో ఆరోగ్య వ్యవస్థ ఉండి పరిచయం చేయవచ్చని అభిప్రాయం ఇచ్చింది.

రెండు వాదనల్లోనూ బలం ఉంది. కలిశాక కుటుంబం రోజూ ఫోన్ చేయడం, మందులు వేసుకున్నావా అని ఆరా తీయడం, సిగరెట్ తాగుతూ కనిపిస్తే మా వాడి ఊపిరితిత్తులు అని గొడవ పడటం, ఇవి జరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు. పూర్తిగా మూసేస్తే జనం ఫేస్‌బుక్‌లో వెతుక్కుంటారు. ఆపరేషన్ తేదీ, ఊరు, ప్రమాద వార్త కలిపితే పేరు దొరకడానికి పది నిమిషాలు చాలు. అప్పుడు మధ్యలో ఆపేవాళ్లెవరూ ఉండరు. అందుకే ఉత్తరంతో మొదలుపెట్టి నెమ్మదిగా వెళ్లే అమెరికా పద్ధతే మెరుగ్గా కనిపిస్తుంది. అంటించని కవరు కొంత చిరాకే కానీ, రెండువైపులా వెనక్కి తగ్గడానికి ప్రతి మలుపులోనూ చోటు ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. ఇక్కడ చనిపోయిన దాతల అవయవాల కేటాయింపును ప్రభుత్వ పథకమైన జీవన్‌దాన్ చూస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా మొదలై, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లో వేరువేరుగా నడుస్తోంది. దాత వివరాలు బయటపెట్టకూడదన్న సూత్రం ఇక్కడా ఉంది. పాటించడమే కష్టం. చాలాచోట్ల దాత ఉన్న ఆస్పత్రికే ఒక కిడ్నీ ఇచ్చే పద్ధతి ఉంది కాబట్టి, ఇచ్చినవాళ్ల బంధువులు, తీసుకునేవాళ్ల బంధువులు ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతూ ఉండొచ్చు. వార్డ్ బాయ్ నోటి నుంచి వచ్చే ఒక్క మాట చాలు.

ఆ పైన మీడియా. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో గుండెను మెట్రో రైల్లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ తీసుకెళ్లారు. ట్రాఫిక్‌లో గంట పట్టే దూరం అరగంట లోపే అయిపోయింది. టీవీల్లో లైవ్ వచ్చింది. దాత ఎవరో పేరుతో సహా వార్తల్లో వచ్చేసింది. ఏ రోజు, ఏ ఆస్పత్రికి వెళ్లిందో కూడా తెలిశాక, ఇంకా దాచడానికి ఏం ఉంది? దీన్ని తప్పని తేల్చడం కూడా సులువు కాదు. ఆ వార్తలు చూసే చాలా కుటుంబాలకు బ్రెయిన్ డెత్ అనే మాట మొదటిసారి తెలిసింది. తమిళనాడు 2023 నుంచి అవయవదాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తోంది. కుటుంబానికి అది గౌరవం. ఊరంతా తెలిసేలా గౌరవించి, గ్రహీతకు మాత్రం తెలియకూడదనడం కుదరదు.

దీని ఫలితం, మన దగ్గర ఉత్తరం అనే మెట్టు ఎక్కకుండానే నేరుగా కలుసుకోవడం జరుగుతుంది. స్టేజీ మీద సన్మానం, తల్లి గ్రహీత గుండె మీద చెవి ఆనించడం, కెమెరాలు. ఆ తల్లికి ఆ క్షణం నిజంగా అవసరమై ఉండొచ్చు. కానీ ఆ రోజు రాలేనని అనే అవకాశం ఆమెకు ఎవరైనా ఇచ్చారా? గ్రహీతకు ఇచ్చారా? మార్పిడి చేసే ప్రతి ఆస్పత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉండాలని 2011 సవరణే చెప్పింది. సంతకాల వేళ కుటుంబం పక్కన కూర్చునేది ఆ మనిషే. ఉత్తరం చేరవేయడానికి అంతకన్నా తగినవాళ్లు లేరు. రాయాలనుకున్న గ్రహీత పేపర్లో దాత ఊరు చూసి బస్సెక్కే బదులు, ఆ కోఆర్డినేటర్ చేతికి అంటించని కవరు ఇచ్చి, వాళ్లకు ఇష్టమేనా కనుక్కోమనడానికి అడ్డేమీ లేదు. రాయడం రానివాళ్లు చెబితే ఇంట్లో పిల్లలు రాస్తారు. తెలుగులో రాస్తే అనువాదం బాధ కూడా లేదు. రుణం అన్న మాట ఒకటి రెండుసార్లు వచ్చినా ఇక్కడ ఎవరూ బ్యాంకు అనుకోరు.

ఇంకో ఉత్తరం గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. న్యూజెర్సీ ఉదాహరణకే వస్తే, తొమ్మిదేళ్ల తర్వాత, కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మెల్లగా పెరగడం మొదలవుతుంది. 1.3 ఉండేది 2 దాటుతుంది, బయాప్సీ చేస్తారు, మందులు మారుస్తారు, అయినా ఆగదు. ఆయన మళ్లీ డయాలసిస్ కుర్చీలోకి వెళ్తాడు. అప్పుడు ఆ కుటుంబానికి రాయాలా? చాలామంది రాయరు. ఇచ్చినదాన్ని పోగొట్టుకున్నామని తలదించుకుంటారు. కుటుంబం ఎప్పుడైనా సంస్థను అడిగితే, ఆ కిడ్నీ ఇప్పుడు పనిచేయడం లేదని ఒక్క ముక్కలో తెలుస్తుంది. ఆ ముక్క కన్నా ఆయన రాయగలిగే ఉత్తరం మెరుగు. తొమ్మిదేళ్లు పనిచేసింది. పదకొండేళ్ల అమ్మాయికి ఇప్పుడు ఇరవై. ఆ తొమ్మిదేళ్ల శనివారాలు ఈత కొలను దగ్గర గడిచాయి. ఈ మూడూ రాసి, విడిగా చీటీ పెట్టి, కవరు అంటించకుండా ఇస్తే సరిపోతుంది.